640 మంది వచ్చే సభకు క్యూఆర్ చెక్-ఇన్ పెట్టాలా, పేర్ల జాబితా ప్రింట్ తీసుకోవాలా?

సుజాత_లెక్కలు · నవంబర్ 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో రాజమండ్రిలో మా లెక్కల టీచర్ల సభ ఉంది. రెండు రోజులు, ఒక కాలేజీ ఆడిటోరియంలో. రిజిస్ట్రేషన్ కౌంటర్ బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. ఇప్పటికి 640 మంది పేర్లు నమోదయ్యాయి.

కమిటీలో రెండు వర్గాలు అయ్యాయి. కుర్రవాళ్లు అందరికీ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేద్దామంటున్నారు. పెద్దవాళ్లు ఎప్పటిలాగే పేర్ల జాబితా ప్రింట్ తీసి టిక్ పెట్టి సంతకం తీసుకుందామంటున్నారు.

పోయినేడు 420 మందే. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఐదు టేబుళ్లు పెట్టాం. తొమ్మిదిన్నరకి ప్రారంభ సభ. తొమ్మిది ఇరవైకి క్యూ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది. ముఖ్య అతిథి వేదిక ఎక్కేసరికి సగం కుర్చీలు ఖాళీ, జనమంతా బయట. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఈసారి 220 మంది ఎక్కువ. నా చేతిలో ఉన్నవి 14 మంది బీఈడీ విద్యార్థులు, 5 లాప్‌టాప్‌లు, కాలేజీ వైఫై. ఏది పెట్టమంటారు?

---

చంద్ర_కోడ్ · నవంబర్ 3, రాత్రి 9:40

ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు మేడమ్, క్యూఆరే. స్కాన్‌కి పట్టేది రెండు సెకన్లు. జాబితాలో పేరు వెతకడానికి కనీసం అరనిమిషం. 640 మందిని రెండేసి సెకన్ల చొప్పున లెక్క వేసుకోండి, ఒక్క టేబుల్ మీదే అరగంట లోపు అయిపోతుంది. ఐదు టేబుళ్లు కూడా అక్కర్లేదు. వచ్చినవాళ్ల లెక్క ఎప్పటికప్పుడు ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

---

రామం మాస్టారు · నవంబర్ 4, ఉదయం 6:05

కాగితం హ్యాంగ్ అవదమ్మా. కరెంటు పోయినా, నెట్ పోయినా కాగితం పనిచేస్తుంది. ఇరవై ఏళ్లుగా జిల్లా సభలు చేయించాను. ఆడిట్ వచ్చినప్పుడు "హాజరు చూపించండి" అంటే నేను చూపించింది ఇంకుతో పెట్టిన సంతకాలే. స్కాన్ చేశామని చెబితే ఎవరు ఒప్పుకుంటారు? పైగా మన టీచర్లలో రిటైరైనవాళ్లు వంద మంది దాకా ఉంటారు. వాళ్లు ఫోన్ తీసి, అందులో మెయిల్ తెరిచి, కోడ్ వెతికే లోపు నేను పది పేర్లకి టిక్ పెడతాను.

---

సూరిబాబు · నవంబర్ 4, ఉదయం 8:20

మేడమ్, క్యూఆర్ తప్పకుండా పెట్టండి. మేము గుడి వార్షికోత్సవానికి పెట్టాం, చిల్లర గొడవ పూర్తిగా పోయింది. కానీ ఒక జాగ్రత్త. కోడ్ ఎవరి సొంత ఖాతాకీ పెట్టకండి, సంఘం ఖాతాకే ఉండాలి. సౌండ్ బాక్స్ కూడా పెట్టించండి. డబ్బు పడిందో లేదో స్క్రీన్‌షాట్ చూసి నమ్మొద్దు.

---

సుజాత_లెక్కలు · నవంబర్ 4, ఉదయం 8:31

సూరిబాబు గారూ, నేను అడిగింది డబ్బు కట్టే క్యూఆర్ గురించి కాదండీ. ముందే ఫీజు కట్టినవాళ్లు గేటు దగ్గర "నేను వచ్చాను" అని నమోదు చేసుకునే కోడ్ గురించి. అయినా స్పాట్ రిజిస్ట్రేషన్ కౌంటర్ ఒకటి ఉంటుంది, మీ సలహా అక్కడ పనికొస్తుంది. స్క్రీన్‌షాట్ మాట నోట్ చేసుకున్నాను.

---

మండపం మూర్తి · నవంబర్ 4, మధ్యాహ్నం 2:15

పదిహేనేళ్లుగా నా పని ఇదే, సభలకీ ఎగ్జిబిషన్లకీ రిజిస్ట్రేషన్ కౌంటర్లు నడపడం. ఏది మంచిదో చెప్పేముందు నాకు రెండు విషయాలు తెలియాలి.

స్కాన్ అయ్యాక లేదా టిక్ పెట్టాక, ఆ మనిషి చేతికి మీరు ఏమేం ఇస్తారు? అవి ఏ వరుసలో, ఎక్కడ పెట్టి ఉంటాయి?

చంద్ర గారు చెప్పిన రెండు సెకన్లు నిజమే. అది కెమెరా కోడ్‌ని చదవడానికి పట్టే టైమ్. మనిషి టేబుల్ ముందు నిలబడే టైమ్ వేరు.

---

సుజాత_లెక్కలు · నవంబర్ 4, సాయంత్రం 6:50

పేరున్న బ్యాడ్జి, కిట్ బ్యాగు, భోజనం కూపన్లు ఇస్తాం. కూపన్లు బ్యాగులోనే ఉంటాయి. బ్యాడ్జీలు అక్షరాల వరుసలో అట్టపెట్టెల్లో పెడతాం, బ్యాగులు వెనక గోడ దగ్గర.

మీ ప్రశ్న చూశాక పోయినేడు తీసిన వీడియో ఒకటి దొరికితే వాచీ పెట్టుకుని చూశాను. ఒక్కొక్కరికీ సుమారు 40 సెకన్లు పట్టింది. పేరు అడిగి సరిగ్గా వినడానికి 8, జాబితాలో వెతకడానికి 12, సంతకానికి 8, బ్యాడ్జి వెతకడానికి 10, బ్యాగు ఇవ్వడం రెండు మూడు సెకన్లు. మా ఇంటిపేర్ల గొడవ కూడా ఉంది. ఒకాయన ఇంటిపేరుతో నమోదు చేసుకుని, టేబుల్ దగ్గరికొచ్చి "శ్రీనివాసరావు" అన్నారు. అలాంటివాళ్లకి నిమిషం దాటింది.

---

మండపం మూర్తి · నవంబర్ 4, రాత్రి 10:05

వీడియో చూసి కొలవడం చాలా మంచి పని చేశారు. చాలామంది అది చేయరు.

ఇప్పుడు మీ లెక్కే చూద్దాం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజామునే దిగుతారు. లాడ్జికి పోయి, స్నానం చేసి, టిఫిన్ తిని, అందరూ ఒకేసారి తేలతారు. 640 మందిలో 400 మంది 8:40 నుంచి 9:25 మధ్యలోనే వస్తారనుకోండి. అంటే నిమిషానికి తొమ్మిది మంది. ఒక్కొక్కరికీ 40 సెకన్లయితే ఒక టేబుల్ నిమిషానికి ఒకటిన్నర మందిని పంపుతుంది. ఐదు టేబుళ్లకి ఏడున్నర. జనం టేబుళ్లకి సమానంగా సర్దుకుంటే చివరివాడు ఓ పది నిమిషాలు నిలబడతాడు, అంతే. అది భరించలేని క్యూ కాదు.

మరి రోడ్డు మీదికి ఎందుకు వెళ్లింది? అక్షరాల వల్ల. మన పేర్లు చూడండి. శ్రీనివాస్, సత్యనారాయణ, సుబ్బారావు, సురేష్, సునీత, సరోజిని, సాయి... అన్నీ ఇంగ్లీషు S దగ్గరే. అక్షరాలని ఐదు భాగాలు చేసి టేబుళ్లకి పంచితే S ఉన్న టేబుల్‌కి మూడో వంతు మంది వస్తారు. 400లో 133 మంది ఒక్క టేబుల్ ముందు. నిమిషానికి ఒకటిన్నర చొప్పున 89 నిమిషాలు. 8:40కి మొదలుపెడితే పది దాటాక అవుతుంది. అప్పుడు పక్క టేబుళ్లలో పిల్లలు ఖాళీగా కూర్చుని ఉంటారు. మీ వీడియోలో అది కనిపిస్తుంది చూడండి.

కాబట్టి మీ జబ్బు కాగితం కాదు, అక్షరాల వరుస. బ్యాడ్జీలు అదే అక్షరాల వరుసలో ఉంచి, కాగితం తీసేసి క్యూఆర్ పెడితే అదే టేబుల్ దగ్గర అదే క్యూ ఉంటుంది. పేరు వినడం, వెతకడం కలిపి 20 సెకన్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఫోన్ తీసి కోడ్ తెరవడానికి కొత్తగా పది సెకన్లు వచ్చి చేరతాయి.

---

సుజాత_లెక్కలు · నవంబర్ 4, రాత్రి 10:20

చూశాను. మూర్తి గారూ, మీరు చెప్పినట్టే ఉంది. నాలుగో టేబుల్ దగ్గర జనం, రెండో టేబుల్ దగ్గర అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ఏడాదిగా ఆ పిల్లల్నే తప్పుబట్టుకున్నాను.

---

చంద్ర_కోడ్ · నవంబర్ 5, ఉదయం 10:10

మూర్తి గారి లెక్క ఒప్పుకుంటున్నాను. నేను కెమెరా టైమ్ ఒక్కటే చూశాను. అయితే బ్యాడ్జి వెతికే పనే లేకుండా చేయొచ్చు కదా? స్కాన్ కాగానే చిన్న లేబుల్ ప్రింటర్‌లో పేరు ప్రింట్ అయి వస్తుంది. ఖాళీ బ్యాడ్జి మీద అంటించి ఇచ్చేయడమే. అప్పుడు ఎవరైనా ఏ టేబుల్‌కైనా వెళ్లొచ్చు.

---

మండపం మూర్తి · నవంబర్ 5, మధ్యాహ్నం 1:30

పెద్ద కంపెనీల సభల్లో అదే చేస్తాం, బాగుంటుంది. కానీ ప్రతి టేబుల్‌కీ ఒక ప్రింటర్, అదనంగా ఒకటి, రోల్ ఇరుక్కుంటే తీయడం తెలిసిన మనిషి, వీటన్నిటికీ అద్దె. పైగా ఎవరైనా ఏ టేబుల్‌కైనా వెళ్తే లాప్‌టాప్‌లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అంటే నెట్ తప్పనిసరి. అయిదారు వందల ఫోన్లు ఒకేసారి పట్టుకున్నప్పుడు కాలేజీ వైఫై ఎంత నడుస్తుందో మీకు తెలుసు. పేరు తప్పుపడ్డవాళ్ల కోసం, స్పాట్‌లో వచ్చినవాళ్ల కోసం ఒక్క ప్రింటర్ చాలు.

సుజాత గారికి నేను చెప్పేది ఇంకోటి. ప్రతి మనిషికీ ముందే ఒక టేబుల్, ఒక నంబర్ ఇచ్చేయండి. T2-287 అంటే రెండో టేబుల్, 287వ బ్యాడ్జి. నాలుగు టేబుళ్లు, ఒక్కోదానికి 160 మంది. బ్యాడ్జీలు నంబర్ వరుసలో ట్రేలో నిలబెట్టండి, పదికొకటి రంగు అట్ట పెట్టండి. నంబర్ తెలిస్తే బ్యాడ్జి తీయడానికి మూడు నాలుగు సెకన్లు చాలు. పేరు స్పెల్లింగు, ఇంటిపేరు, ఏదీ అడగక్కర్లేదు.

ఇలా చేస్తే నెట్ అవసరం కూడా పోతుంది. 287 నంబర్ మనిషి రెండో టేబుల్‌కే వస్తాడు కాబట్టి, అతను వచ్చాడో లేదో ఒకటో టేబుల్‌కి తెలియాల్సిన పనే లేదు. ఏ లాప్‌టాప్‌లో జాబితా దానిదే. సాయంత్రం నాలుగు ఫైళ్లూ కలిపేసుకోండి.

---

చంద్ర_కోడ్ · నవంబర్ 5, మధ్యాహ్నం 1:52

ఆఫ్‌లైన్ సమస్య అంత తేలిగ్గా పోతుందని నాకు తట్టలేదు. ఒక్క సందేహం. 1 నుంచి 160 వరకు మొదటి టేబుల్ అంటే, ఒకే స్కూల్ వాళ్లు ఒకేసారి నమోదు చేసుకుని ఉంటారు, ఒకే బస్సులో వస్తారు. ఆ టేబుల్ ఒక్కటే నిండిపోదా? వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పంచితే మేలు కదా?

---

మండపం మూర్తి · నవంబర్ 5, మధ్యాహ్నం 2:40

మంచి పాయింటే. కానీ నేను గుంపుని విడదీయను. 12 మందికీ ఒకాయన నమోదు చేస్తే 12 కోడ్లూ ఆయన ఫోన్‌లోనే ఉంటాయి. వాళ్లని నాలుగు టేబుళ్లకి పంచితే ఆ ఒక్క ఫోన్ నాలుగు చోట్లా తిరగాలి. ఆయన ఆలస్యంగా వస్తే మిగతా 11 మందీ గోడ పక్కన నిలబడతారు. గుంపులని విడిగా తీసి, టేబుళ్లకి గుంపులుగా పంచండి. ఒంటరిగా నమోదైనవాళ్లని మాత్రం మీరన్నట్టు వరుసగా పంచండి.

---

పద్మ_ఎడిసన్ · నవంబర్ 5, రాత్రి 11:05

న్యూజెర్సీ నుంచి. ఇక్కడి తెలుగు సభల్లో నేను గేటు దగ్గర వాలంటీర్‌గా చాలాసార్లు పనిచేశాను. నా అనుభవంలో స్కాన్ ఆగిపోయేది కోడ్ వల్ల కాదు, ఫోన్ స్క్రీన్ వల్ల. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి ఉంటుంది, గాజు పగిలి ఉంటుంది, ఎండ పడి మెరుస్తుంది. కొందరు గ్యాలరీలో కోడ్ వెతుకుతూ మనవరాలి ఫోటోలన్నీ దాటుకుంటూ వస్తారు. వెనక నలభై మంది ఆగి ఉంటారు.

మేం చేసింది ఏంటంటే, ఒక వాలంటీర్‌ని టేబుల్ నుంచి తీసి క్యూలో నడిపించాం. "కోడ్ తెరిచి పెట్టుకోండి, బ్రైట్‌నెస్ పెంచండి" అంటూ క్యూ వెంట వెళ్లడమే తన పని. కోడ్ లేనివాళ్లని అప్పుడే పక్క టేబుల్‌కి పంపేస్తుంది. ఇంకో టేబుల్ పెట్టినదానికంటే ఆ ఒక్క మనిషి వల్ల ఎక్కువ లాభం వచ్చింది.

కోడ్ బొమ్మ కింద నంబర్ పెద్ద అక్షరాల్లో వేయండి. రెండుసార్లు స్కాన్ కాకపోతే మూడోసారి ప్రయత్నించకుండా నంబర్ టైప్ చేసేయాలి.

---

రామం మాస్టారు · నవంబర్ 6, ఉదయం 5:50

నంబర్ ఇచ్చే పద్ధతి నాకు నచ్చింది. నంబర్ ఉంటే కాగితం మీద కూడా వెతకడం ఒక్క క్షణం. అప్పుడు ఇక స్కాన్ దేనికి?

నంబర్ కూడా గుర్తులేనివాళ్లు వస్తారు, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినవాళ్లు వస్తారు. వాళ్ల పేరు కాగితంలో వెతకాలంటే మళ్లీ ఆ S గొడవే కదా మూర్తి గారూ?

---

మండపం మూర్తి · నవంబర్ 6, ఉదయం 11:20

మాస్టారూ, మీ మొదటి ప్రశ్న సరైనదే. నంబర్ చెప్పగలిగిన మనిషికి కాగితం, స్కాన్ దాదాపు ఒకే టైమ్‌లో అవుతాయి. స్కాన్ వల్ల వచ్చే లాభం రెండు చోట్ల. ఒకటి, నోటితో "287" అంటే హాలు గోలలో "207" అని వినపడుతుంది, స్కాన్ అలా తప్పు వినదు. రెండు, తొమ్మిదింపావుకి "ఎంతమంది వచ్చారు, భోజనాలకి ఎంత చెప్పాలి" అని వంటవాళ్లు అడిగితే వెంటనే చెప్పొచ్చు. టిక్కులు లెక్కపెట్టక్కర్లేదు.

రెండో ప్రశ్నకి నా జవాబు ఇది. సహాయం టేబుల్ దగ్గర ఉంచే ప్రింట్ జాబితాని పేర్ల వరుసలో కాకుండా మొబైల్ నంబర్ చివరి నాలుగు అంకెల వరుసలో ప్రింట్ తీయండి. పేరుని పది రకాలుగా రాస్తాం. లక్ష్మి ఒకచోట Lakshmi, ఒకచోట Laxmi. చౌదరి ఇంకో మూడు రకాలు. ఫోన్ నంబర్‌ని అందరూ ఒకేలా చెబుతారు. 640 మందిలో చివరి నాలుగు అంకెలు కలిసిపోయే జతలు ఓ ఇరవై ఉండొచ్చు, పక్కనే పేరు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. గుంపుగా నమోదైన 12 మందీ ఒకే నంబర్ కింద ఒకేచోట కనిపిస్తారు, అదింకా మంచిది. పేజీకి 40 పేర్లయితే 16 పేజీలు.

---

లైబ్రరీ_హరిత · నవంబర్ 6, సాయంత్రం 5:30

పూర్తి మొబైల్ నంబర్లు ప్రింట్ చేయకండి దయచేసి, చివరి నాలుగు అంకెలే వేయండి. మా దగ్గర ఒకసారి 300 మంది పేర్లు, ఫోన్లు ఉన్న జాబితా టేబుల్ మీద వదిలేస్తే ఎవరో ఫోటో తీసుకున్నారు. వారం రోజులు అందరికీ ప్లాట్లు కొనమని ఫోన్లు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, నమ్మి నంబర్ ఇచ్చినవాళ్ల పట్ల అది మన బాధ్యత. క్యూఆర్‌లో కూడా అంతే. పేరు, ఫోన్, స్కూల్ అన్నీ అందులో పెట్టకండి, T2-287 ఒక్కటే పెట్టండి. సమాచారం తగ్గితే కోడ్‌లో గడులు పెద్దవవుతాయి, పగిలిన స్క్రీన్ మీద కూడా తేలిగ్గా చదువుతుంది.

ప్రత్యేకంగా యాప్ కొనక్కర్లేదు. మా లైబ్రరీలో వాడే చేతి స్కానర్‌ని లాప్‌టాప్‌కి తగిలిస్తే అది కీబోర్డ్‌లా పనిచేస్తుంది, చదివినది ఎక్సెల్ గడిలో టైప్ చేసి ఎంటర్ కొడుతుంది. A గడిలో కోడ్ పడగానే పక్క గడుల్లో పేరు, రెండోసారి వచ్చిందా అన్నది తెలియాలంటే:

```
=IFERROR(VLOOKUP(A2,List!A:C,2,FALSE),"లేదు")
=IF(COUNTIF(A$2:A2,A2)>1,"రెండోసారి","")
```

ఇందులో నేను దెబ్బతిన్న చోట్లు చెబుతాను. పాత లేజర్ స్కానర్లు గీతల బార్‌కోడ్ మాత్రమే చదువుతాయి, క్యూఆర్ చదవవు. అద్దెకి తెచ్చేటప్పుడు ఫోన్ స్క్రీన్ మీద క్యూఆర్ చదివి చూపించమనండి. కోడ్ ముందు T అక్షరం తీసేయకండి. 3-12 అని మాత్రమే ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, 0047 అని ఉంటే 47 చేస్తుంది, రెండు సందర్భాల్లోనూ జాబితాతో కలవక "లేదు" అని రావచ్చు. ఇంకొకటి, లాప్‌టాప్ కీబోర్డ్ తెలుగులో ఉంటే స్కానర్ కూడా తెలుగు అక్షరాలే కొడుతుంది. గడిలో అర్థంకాని తెలుగు అక్షరాలు కనిపిస్తే స్కానర్ పాడైందని కంగారుపడకుండా భాష మార్చండి.

---

డాక్టర్_వైజాగ్ · నవంబర్ 6, రాత్రి 8:45

నాది కొంచెం వేరే సమస్య. మా వైద్యుల సభల్లో హాజరుని బట్టి క్రెడిట్ గంటలు ఇస్తారు. పొద్దున స్కాన్ చేసి, బ్యాగు తీసుకుని, బీచ్‌కి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. అందుకని ప్రతి సెషన్ తలుపు దగ్గరా లోపలికి ఒకటి, బయటికి ఒకటి స్కాన్ పెట్టాం. కాఫీ విరామంలో తలుపు దగ్గర తొక్కిసలాట అయింది. ఎవరైనా దీనికి దారి కనిపెట్టారా? స్కాన్ అయిన టైమ్ కూడా కావాలి. ఎక్సెల్‌లో `=NOW()` పెడితే అన్ని వరుసల్లోనూ ఒకే టైమ్ వచ్చింది.

---

లైబ్రరీ_హరిత · నవంబర్ 6, రాత్రి 9:10

`=NOW()` షీట్‌లో ఏది మారినా మళ్లీ లెక్క కడుతుంది డాక్టర్ గారూ, పాత వరుసలు కూడా మారిపోతాయి. స్కాన్ అయ్యాక పక్క గడిలో Ctrl+Shift+; కొడితే అప్పటి టైమ్ స్థిరంగా ఉండిపోతుంది. కానీ వందల మందికి చేతితో కొట్టడం కష్టం. టైమ్ తప్పనిసరి అయితే స్కాన్ చేసినప్పుడే టైమ్ రాసుకునే యాప్ మంచిది.

---

మండపం మూర్తి · నవంబర్ 6, రాత్రి 10:00

డాక్టర్ గారూ, బయటికి వెళ్లే స్కాన్ తీసేసి, సెషన్ మధ్యలో కుర్చీల దగ్గరికే వెళ్లి బ్యాడ్జి మీద కోడ్ స్కాన్ చేయించిన సభలు చూశాను. తొక్కిసలాట పోయింది, కానీ వక్తలకి కోపం వచ్చింది. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు.

---

సుజాత_లెక్కలు · నవంబర్ 23, రాత్రి 9:30

మీరందరూ చెప్పింది పట్టుకుని ఈ రోజు రిహార్సల్ చేశాం. 30 మంది విద్యార్థుల్ని డెలిగేట్లుగా నిలబెట్టాం. నంబర్ వరుస ట్రేలు, స్కానర్, క్యూలో నడిచే ఒక అమ్మాయి. సగటున ఒక్కొక్కరికీ 17 సెకన్లు. ఆ అమ్మాయిని తీసేసి మళ్లీ చేస్తే 26.

తేలనిది సంతకం ఒక్కటే. సంతకం కలిపితే మళ్లీ 25కి వెళ్తోంది. రామం మాస్టారు చెప్పిన ఆడిట్ మాట నిజమే, మా కోశాధికారి కూడా సంతకాలు కావాలనే అన్నారు.

---

రామం మాస్టారు · నవంబర్ 24, ఉదయం 6:10

సంతకం పొద్దున గేటు దగ్గరే ఎందుకమ్మా? రెండో రోజు మధ్యాహ్నం సర్టిఫికెట్ ఇచ్చేచోట తీసుకో. సర్టిఫికెట్ లేకుండా ఎవరూ ఇంటికి పోరు. అక్కడ అందరూ ఒకే ముప్పావుగంటలో రారు, మెల్లగా వస్తారు. నంబర్ వరుసలో కాగితం పెట్టు, నేనొచ్చి కూర్చుంటాను.

---

సుజాత_లెక్కలు · డిసెంబర్ 15, రాత్రి 8:40

సభ అయింది. రాసేవరకు నిద్ర పట్టేలా లేదు.

640 మందిలో 583 మంది వచ్చారు, స్పాట్‌లో ఇంకో 31. తొమ్మిదింటి వరకు ఏ టేబుల్ ముందూ ఎనిమిది మందికి మించి క్యూ లేదు. తొమ్మిదిన్నరకి హాలు నిండింది. వైఫై 8:50కే చేతులెత్తేసింది, మాకు తెలియను కూడా తెలియలేదు. కోడ్ తెరవలేక 70 మంది దాకా సహాయం టేబుల్‌కి వెళ్లారు, చివరి నాలుగు అంకెల జాబితాలో ఒక్కొక్కరి నంబర్ పది సెకన్లలోపు దొరికింది.

రెండు చోట్ల తడబడ్డాం. తొమ్మిదింటికి ముఖ్య అతిథి కారు వచ్చిందని క్యూలో నడిచే అమ్మాయిని పూలగుత్తి ఇవ్వడానికి పంపేశారు. పది నిమిషాల్లో మూడో టేబుల్ ముందు ముప్పై మంది అయ్యారు. తను తిరిగొచ్చాక సర్దుకుంది. రెండోది, ఒకే కోడ్ నాలుగుసార్లు "రెండోసారి" అని వచ్చింది. ఒక స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఒకరు తన కోడ్ పెడితే, అదే అందరి కోడ్ అనుకుని మిగతావాళ్లు కూడా చూపించారు. వాళ్లని సహాయం టేబుల్‌కి పంపి, అసలు నంబర్లు చూసి ఇచ్చాం. మొదట చూపించినామె కూడా ఆ కోడ్ అసలు మనిషి కాదని తర్వాత తేలింది. దాంతో అసలు ఆవిడ వచ్చేసరికి బ్యాడ్జి ట్రేలో లేదు.

---

చంద్ర_కోడ్ · డిసెంబర్ 15, రాత్రి 9:05

అభినందనలు మేడమ్! స్కాన్ కాగానే స్క్రీన్ మీద వచ్చిన పేరుని వాలంటీర్ పైకి చదివితే ఆ మొదటి పొరపాటు అక్కడే దొరికేది కదా? "మీరు పద్మావతి గారేనా" అని.

---

సుజాత_లెక్కలు · డిసెంబర్ 15, రాత్రి 9:12

అవును. రిహార్సల్‌లో చదివించాం, ఆ రోజు హడావిడిలో పిల్లలు మానేశారు. నేను కూడా గమనించలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. స్కాన్ల లెక్క 583. రామం మాస్టారి సంతకాలు 561. స్పాట్‌వాళ్లది వేరే పుస్తకం, అది సరిపోయింది. కోశాధికారి రెండూ ఒకే సంఖ్య ఉండాలంటున్నారు.

---

రామం మాస్టారు · డిసెంబర్ 16, ఉదయం 5:55

ఆ 22 మందీ మొదటి రోజు సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయినవాళ్లు. కొందరు నాతో చెప్పే వెళ్లారు. సంతకం లేనిదాన్ని నేను హాజరు అననమ్మా. 561 అనే రాయి.

---

మండపం మూర్తి · డిసెంబర్ 16, ఉదయం 11:40

మాస్టారూ, భోజనాల బిల్లు మాత్రం మొదటి రోజు వచ్చిన 583 మందికే కట్టాలి కదా. రెండూ నిజమైన సంఖ్యలే, వేరే వేరే రోజులవి. ఒకటి చేయడానికి ప్రయత్నించకుండా మొదటి రోజు ప్రవేశం 583, సర్టిఫికెట్ తీసుకున్నవారు 561 అని రెండు వరుసల్లో రాసి, ఆ 22 నంబర్లు కింద జత చేయండి.

---

సుజాత_లెక్కలు · డిసెంబర్ 16, సాయంత్రం 7:20

అలాగే రాసి ఇచ్చాను మూర్తి గారూ. కోశాధికారి ఇంకా ఒప్పుకోలేదు, ఆదివారం కమిటీ మీటింగ్‌లో పెడతామన్నారు. 22 నంబర్లలో 19 మందికి ఫోన్ చేశాను, అందరూ మొదటి రోజు వచ్చామనే చెప్పారు. మిగతా ముగ్గురివి ఒకే గుంపు నమోదు, ఒకే మొబైల్ నంబర్. ఆయన ఫోన్ ఎత్తడం లేదు.